మా ఆవిడ మేలిమి కమ్మలు

ఆ ఏడాది మూడు లారీల మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్మి, సంచి నిండా డబ్బుతో బంగారం కొట్టుకు వెళ్ళాను. నన్ను చూడగానే కొట్టు యజమాని లేచి నిలబడ్డాడు.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండానే, "మూడు లారీలు ఎవరివండీ?" అంది.

సరే. లారీ ఒక్కటే. అందులో మావి పాతిక బస్తాలు, తక్కినవి ఊళ్ళోవాళ్ళవి. యజమాని లేచి నిలబడిన మాట మాత్రం నిజం. భోజనానికి లేచాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. చిలకలూరిపేటకు నరసరావుపేటకు మధ్య నల్లరేగడి మాది. అందరికీ తామర పురుగు తగిలిన ఏడాది మా చేలో కాయ ఎర్రగా, నున్నగా దిగింది. మొదటి కోతకు మంచి ధర పలికింది. నేను బంగారం కొట్టుకు వెళ్ళడానికి కారణం మాత్రం మిరపకాయలు కాదు, మా అత్తగారి రవ్వలు.

మా అత్తగారికి ఏడు రాళ్ళ కమ్మలుండేవి. ఒక్కో చెవికి ఏడు, రెండింటికీ పద్నాలుగు. మా మామగారు బోరు వేయించిన ఏడాది నీళ్ళు పడలేదు, రెండోసారి వేయించారు. ఆ రెండో బోరు కోసం అత్తగారు కమ్మల బంగారం కరిగించి అమ్మేశారు. రాళ్ళు మాత్రం అమ్మలేదు. దూదిలో చుట్టి, కుంకుమ భరిణెలో పెట్టి, పోయేముందు మా ఆవిడ చేతిలో పెట్టారు. ఒక్కో రాయి శనగగింజంత ఉండేది.

శనగగింజంత లేదు. సజ్జగింజంత. అయినా అవి వజ్రాలు, మా అత్తగారి చెవులకు ముప్పై ఏళ్ళు ఉన్నవి. మా ఆవిడ ఆ భరిణె తీసి చూసుకోవడం, మళ్ళీ మూసి పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ మాఘమాసంలో పొదిలిలో మా తోడల్లుడి కూతురి పెళ్ళి కుదిరింది. "అమ్మ మనవరాలి పెళ్ళికి అమ్మ రాళ్ళు పెట్టుకుని వెళ్ళాలని ఉందండీ" అంది మా ఆవిడ. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మా తోడల్లుడి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన పొదిలి చుట్టుపక్కల పొగాకు కొని కంపెనీలకు వేసేవాడు. వయసులో నాకంటే పెద్ద, అన్నయ్యగారూ అని పిలవాలి. ఆయన ఏం కొన్నా వాళ్ళ జిల్లాలోనే మొదటిది. ఫోను పెట్టించినా, మోటారు సైకిలు కొన్నా అంతే. నేను ఫోనులో పెళ్ళి ముచ్చట్లు మాట్లాడుతూ, ఉండబట్టలేక, "మీ మరదలికి కమ్మలు చేయిస్తున్నాను అన్నయ్యగారూ. ఇరవై నాలుగు క్యారెట్లు" అనేశాను.

"ఇరవై నాలుగా!" అన్నాడాయన. అవతల కాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత తీయగా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

అప్పటికి ఇరవై నాలుగుకి, ఇరవై రెండుకి తేడా ఏమిటో నాకు తెలియదు. పెద్ద అంకె కాబట్టి పెద్దదే అనుకున్నాను.

తేడా గుంటూరు కొట్టులో తెలిసింది. గోడమీద పలకకు సుద్దతో రెండు ధరలు రాసి ఉన్నాయి. గ్రాము ఇరవై నాలుగైతే నాలుగు వందల ఎనభై, ఇరవై రెండైతే నాలుగు వందల నలభై. కౌంటరు దగ్గర గుమాస్తాను, "రెండూ పచ్చగానే ఉన్నాయి గదయ్యా, నలభై రూపాయలు తేడా దేనికి?" అని అడిగాను.

"బంగారాన్ని ఇరవై నాలుగు పాళ్ళు అనుకోండి" అన్నాడతను. "ఇరవై నాలుగుకి ఇరవై నాలుగూ బంగారమే అయితే అది మేలిమి. బిళ్ళలు, బిస్కెట్లు అదే. ఇరవై రెండంటే ఇరవై రెండు పాళ్ళు బంగారం, రెండు పాళ్ళు రాగీ వెండీ. నగలు దాంతో చేస్తారు. ఇవాళ ఒక్కో పాలు ఇరవై రూపాయలు పడుతోంది. రెండు పాళ్ళు తక్కువైతే నలభై తగ్గింది."

"మరి పద్దెనిమిదో?"

"ఆరు పాళ్ళు తక్కువ. నూట ఇరవై తీసెయ్యండి, మూడు వందల అరవై. రూపాయికి ముప్పావలా. రాళ్ళ నగలకి అది వాడతారు."

నాకు ఇట్టే ఎక్కింది. మన యార్డులో జరిగేదీ అదేగా! కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, రంగు పోయిన తాలు ఎంత, ఎర్రకాయ ఎంత చూసి ధర కడతాడు. తాలుకాయకి ఎర్రకాయ ధర ఎవడూ ఇవ్వడు. రాగికి బంగారం ధరా అంతే. తాలు లేని సరుకే కావాలని చెప్పి, ఒక కాసు బిళ్ళ, ఎనిమిది గ్రాముల మేలిమి, మూడువేల ఎనిమిది వందల నలభై పోసి కొన్నాను.

చిలకలూరిపేటలో మా పాత కంసాలి ఉన్నాడు. మా రెండిళ్ళ పుస్తెలూ ఆయన చేతిలోనివే. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత పెద్దది. ఆ వీధిలో ఆయన కుంపటి చప్పుడు కంటే ఆయన గొంతే ముందు వినపడేది. మా ఆవిడా నేనూ వెళ్ళి బిళ్ళ, భరిణె ఆయన ముందు పెట్టాం.

బిళ్ళను గీటురాయి మీద రాసి చూసి, "సరుకు మేలిమే. దీన్ని పద్దెనిమిదికి దింపి చేస్తాను" అన్నాడు.

"దింపేదేమిటి ఆచారీ? నేను ఇరవై నాలుగు తెస్తే నువ్వు పద్దెనిమిది చేసి ఇస్తావా? ఆ ఆరు పాళ్ళూ ఎక్కడికి పోతాయి?"

"నా బొజ్జలోకి! ఏమయ్యా, నీకు కమ్మలు ఎనిమిది గ్రాములు ఉండాలా? ఆరు గ్రాములు నీ బంగారం వేస్తాను, రెండు గ్రాములు రాగీ వెండీ కలుపుతాను. ఎనిమిదయిందా? మిగిలిన రెండు గ్రాముల మేలిమి నీ చేతిలో పెడతాను."

"మిగిలింది తిరిగిచ్చిన కంసాలిని నువ్వు చూశావా?"

"ఒరే, ఒరే! అమ్మా, మీ ఆయన మాట విన్నావా?"

మా ఆవిడ విన్నది. నా మాట కంటే ఆయన మాట జాగ్రత్తగా విన్నదని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, "ఆయన్ని చెప్పనివ్వండి. పద్దెనిమిది ఎందుకు అంటున్నారు?" అని అడిగింది.

ఆచారి బిళ్ళ అంచును గోటితో నొక్కి చూపించాడు. "మేలిమి మెత్తనమ్మా. రాయిని పట్టుకునేది ఈ సన్నటి గోళ్ళు. మెత్తటి గోరు రాయిని ఎన్నాళ్ళు పడుతుంది? గాజులకీ గొలుసులకీ ఇరవై రెండు చాలు. రాళ్ళకి పద్దెనిమిదైతే గట్టి."

"రాళ్ళు మా అమ్మవి" అంది మా ఆవిడ నా వైపు తిరిగి. "పద్నాలుగులో ఒక్కటి పోయినా కమ్మ కమ్మ కాదు. ఆయన చెప్పినట్టే చేయించండి."

అక్కడ నేను మర్యాదగా తలూపి ఉంటే ఈ కథ లేదు. కానీ పొదిలి ఫోనులో ఆ నిశ్శబ్దం నా చెవిలో ఇంకా మోగుతోంది. పద్దెనిమిదని ఏ మొహంతో చెప్పను? "రాగి ముక్క కలిపావంటే నీ గడప తొక్కను ఆచారీ" అన్నాను.

ఆచారి ఊదుగొట్టం కింద పెట్టాడు. "చేస్తాను. నాకేం! కానీ రాయి రాలితే నా పేరు ఎత్తకూడదు. అమ్మా, నువ్వు సాక్షి."

"నేను సాక్షినే" అంది మా ఆవిడ. అంటూ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

కమ్మలు వచ్చాయి. ఏం పసుపు అండీ! పొద్దుతిరుగుడు పూలు రెండు తెంపి పెట్టినట్టు. మా ఆవిడ పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. అద్దంలో తన మొహంలో వాళ్ళమ్మ కనపడిందో ఏమో, కొంగు కళ్ళకు అద్దుకుంది. వెంటనే తీసి భరిణెలో పెట్టేయబోయింది. పెళ్ళి రోజునే మళ్ళీ తీస్తానంది.

నేను పెట్టనివ్వలేదు. ఊళ్ళో ఎవరూ చూడకుండా భరిణెలో పెడితే ఇరవై నాలుగైతే ఏం, ఇత్తడైతే ఏం? "రేపు కల్లంలోకి పెట్టుకుని రా. కూలీలు చూస్తారు, ఊరంతా తెలుస్తుంది" అన్నాను. రెండో కోత కాయ అప్పుడే కల్లంలో ఆరబోశాం.

మర్నాడు మా ఆవిడ మిరప ఘాటుకి తలకూ ముక్కుకూ తువ్వాలు చుట్టుకుని కూలీలతో కూర్చుని తాలు ఏరింది. నేను గట్టుమీద నిలబడి ఎవరు వస్తే వాళ్ళకి, "ఇరవై నాలుగు, ఇరవై నాలుగు" అని చెప్తూ ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలకు లేచి ఆవిడ తువ్వాలు లాగింది. తువ్వాలు నూలుపోగు ఒకటి కమ్మ గోటికి పట్టుకుంది. ఆవిడ ఇంకాస్త లాగింది. ఎడమ చెవి తడుముకుని, అక్కడే కూర్చుండిపోయింది.

"రాయి పోయింది."

ఎక్కడ పోయింది? నడుము ఎత్తున్న మిరపకాయల కుప్పలో.

నడుము ఎత్తు కాదు, మోకాలి ఎత్తు. అయినా మిరపకాయ కుప్పలో రాయి వెతకడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. కాయ కదిపితే గింజ రాలుతుంది. గింజ సన్నగా, తెల్లగా, ఎండ తగిలితే మెరుస్తుంది. ఆ కల్లం నిండా మెరిసేవే. ప్రతి మెరుపుకీ ఒకరు "ఇదిగో!" అనడం, మేమంతా పరుగెత్తడం, అది గింజ అవడం. కాయ కదిలేకొద్దీ ఘాటు లేచి అందరికీ తుమ్ములు. కూలీలలో పెద్దామె ఒకామె తుమ్మి తుమ్మి నడుం పట్టుకుని, "ఏం బావా, ఇరవై నాలుగంటే రాయి నిలవనిదనా అర్థం?" అంది. ఆ మాటకి కల్లమంతా తుమ్ములూ నవ్వులూ కలిసిపోయాయి. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

నేను పొద్దు కుంకేదాకా కంటి రెప్ప వేయకుండా వెతికాను.

లేదు. వెతకడం మొదలుపెట్టిన కాసేపటికే చెమట తుడుచుకోబోయి మిరప చేత్తో కళ్ళు నలుపుకున్నాను. ఆ తర్వాత నేను చేసిందల్లా నీళ్ళతొట్టిలో మొహం పెట్టి కేకలు వేయడమే. ఎవరో మజ్జిగ తెచ్చి కళ్ళల్లో పోశారు. అది తోటకూర పులుసు అని ఊళ్ళో ఇప్పటికీ అంటారు, నమ్మకండి.

రాయి దొరకబుచ్చుకుంది మా ఆవిడే. తను కూర్చున్న చోట కాయంతా పక్కకు తీయించింది. కింద మిగిలిన గింజా దుమ్మూ పాత చీరమీదికి ఊడ్చి, జల్లెడ పట్టి, వెడల్పాటి బేసిన్లో నీళ్ళలో పోసింది. ఎండుగింజ పైకి తేలింది. రాయి దాని మీద ఎక్కి కూర్చోకుండా చేత్తో బాగా కలిపి, తేలిందంతా వంచేసింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంచడం. అడుగున మిగిలిన గుప్పెడు ఇసకను నా నల్ల గొడుగు విప్పి దాని మీద పరిచి, ఎండకు అటూ ఇటూ తిప్పింది. మంట తగ్గి నేను ఒక కన్ను తెరిచేసరికి ఆవిడ అరచేతిలో సజ్జగింజంత వెలుగు ఉంది.

"దొరికిందా?" అన్నాను.

"ఆచారిగారి దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నాం?" అంది.

వెళ్ళేసరికి ఆచారి మమ్మల్ని చూసి చేతిలో పని ఆపి, రెండు చేతులూ జోడించి, "రండి, రండి, ఇరవై నాలుగు క్యారెట్ల దంపతులు!" అని వీధి చివరిదాకా వినపడేట్టు పిలిచాడు. కమ్మ తీసుకుని సన్నటి పట్టకారుతో గోళ్ళు ఒక్కొక్కటీ కదిపి చూశాడు. ఇంకో మూడు రాళ్ళు పళ్ళూడే పిల్లాడి పళ్ళలా ఊగుతున్నాయి. వెనక శీల మరలు కూడా అరిగి నున్నబడ్డాయి.

"నా పేరు ఎత్తారా?" అన్నాడు నాతో.

"ఎత్తలేదు."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోడమీద క్యాలెండరు చూస్తోంది. సాయం చేసేట్టు లేదు.

"పద్దెనిమిది" అన్నాను.

"వినపడలేదయ్యా. ఈ కుంపటి చప్పుడొకటి."

"పద్దెనిమిది క్యారెట్లు చెయ్యి ఆచారీ!" అని అరిచాను. పక్క కొట్టువాడు తొంగిచూశాడు.

మా కళ్ళముందే రాళ్ళు విప్పి పద్నాలుగూ మా ఆవిడతో లెక్కపెట్టించి భరిణెలో వేయించాడు. కమ్మలు కరిగించాడు. కరిగిన మేలిమిలోంచి ఆరు గ్రాములు తూచి పక్కన పెట్టుకుని, దానికి రాగి కొంత, వెండి కొంత వేసి ఎనిమిది చేశాడు. మిగిలిన ముక్కను త్రాసులో వేశాడు. రెండుసార్లు కరగడంలో, ఆకురాయి పొడిలో కాస్త పోగా, రెండు గ్రాములకు అర పిసరు తక్కువ తూగింది. కందిబద్ద కంటే కొంచెం పెద్దది.

నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

"ఆగండి" అంది మా ఆవిడ. "కంసాలి మిగిలింది తిరిగిస్తే చూశావా అన్నది మీరే గదా. తిరిగిస్తాడని నమ్మింది నేను. నమ్మినవాళ్ళకి ఇవ్వండి ఆచారిగారూ."

ఆచారి ఆ ముక్కను ఆవిడ చేతిలో పెట్టి, "తొమ్మిది వందల పైమాటేనమ్మా. మేలిమి, రేపు ఎక్కడ అమ్మినా తాలు కింద పైసా కొయ్యరు" అన్నాడు. మజూరీ మాత్రం నా దగ్గర తీసుకున్నాడు. రెండోసారిది కూడా.

పెళ్ళికి పొదిలి వెళ్ళాం. కొత్త కమ్మల రంగు పొద్దుతిరుగుడు పువ్వంత పచ్చగా లేదు, కాస్త ఎర్రబారింది. బస్సులో వెళ్ళినంతసేపూ నేను తోడల్లుడికి చెప్పాల్సింది వల్లె వేసుకున్నాను. మా ప్రాంతంలో మేలిమి ఈ రంగులోనే వస్తుంది అన్నయ్యగారూ, మా నీళ్ళ గుణం అని. మంచి అబద్ధం. ఇప్పటికీ అది వాడుకోలేకపోయానని బాధే.

ఎందుకంటే పందిట్లోకి అడుగు పెట్టామో లేదో మా తోడల్లుడు నలుగురిలో, "ఏవమ్మా మరదలా, ఇరవై నాలుగు కమ్మలు ఏవీ, చూడనీ!" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "పద్దెనిమిది బావగారూ. రాళ్ళకి అదే గట్టి" అనేసింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "పద్దెనిమిదా! ఏం తమ్ముడూ? మా ఇంట్లో ఇరవై రెండుకి తక్కువ గడప దాటి రాదయ్యా. మీ వదిన మెడలో రాళ్ళ నెక్లెసు చూడు, ఇరవై రెండు!"

పక్కనే ఉన్న మా వదిన, అంటే మా ఆవిడ అక్కయ్య, "ఎక్కడిదండీ ఇరవై రెండు?" అంది అమాయకంగా. "ఒంగోలు కొట్టువాడు పద్దెనిమిది అనేగా బిల్లు రాసింది. ముప్పావలా ధర వేస్తేనే కొంటానని మీరు గంట సేపు పోట్లాడారు కూడాను."

నలుగురూ గట్టిగా నవ్వారు. మా తోడల్లుడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "భోజనాలు మొదలైనట్టున్నాయి తమ్ముడూ" అన్నాడు. మేమిద్దరం అంత స్నేహంగా పక్కపక్కన కూర్చుని తినడం అదే మొదటిసారి.

తిని వచ్చేసరికి మైకులో చదివింపులు మొదలయ్యాయి. ఎవరు ఏమిచ్చారో చదివే ఆయన గొంతు పొదిలి దాటి వినపడుతోంది. మా ఆవిడ రుమాలు ముడి విప్పి, ఆ మేలిమి ముక్కను కుంకుమ పొట్లంలో పెట్టి పెళ్ళికూతురి చేతిలో పెట్టింది. "మీ అమ్మమ్మ రాళ్ళ తాలూకు బంగారమే. ముక్కుపుడక చేయించుకోమ్మా" అంది.

నేను ఊరుకుంటానా? మైకు ఆయన దగ్గరికి గబగబా వెళ్ళి చెవిలో చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని, "పెళ్ళికూతురి పిన్నమ్మగారు, బాబాయిగారు ఇచ్చినది... ఇరవై నాలుగు క్యారెట్ల మేలిమి బంగారం!" అని చదివాడు. పందిరి మొత్తం మా వైపు తిరిగింది. నా జీవితంలో నేను చెప్పించిన అంకెల్లో అక్షరాలా నిజమైనది అదొక్కటే. తోడల్లుడు కూడా తలూపాడు.

మైకు ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. "బరువు..." అని మా ఆవిడ వైపు చూసి, ఆవిడ చెప్పింది విని, "బరువు, రెండు గ్రాములకు కాస్త తక్కువ!" అని అంతే గట్టిగా చదివాడు.

మా ఆవిడ నవ్వింది. కల్లంలో ఆ రోజు నవ్వని నవ్వంతా కలిపి, కుర్చీలో వెనక్కి వాలి, తల అటూ ఇటూ ఊపుతూ, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేను సిగ్గు పడటం మాని ఆవిడ చెవుల వైపే చూస్తున్నాను. కుడివైపు ఏడు. ఎడమవైపు ఏడు. ఒక్కటీ కదల్లేదు.